స్తంభం వంగకుండా జంటను సరిచేయడం

జంట ఫొటోలో ఎత్తు తేడాను ఎడిటింగ్‌లో తగ్గించారా లేదా అని తెలుసుకోవాలంటే ముందుగా వాళ్ల వెనక ఉన్న గుమ్మాన్నో, కిటికీ ఊచల్నో, గోడ మీది టైల్స్ గీతల్నో చూడాలి. అబ్బాయి భుజం పక్కన తలుపు చట్రం లోపలికి కుంగినా, అమ్మాయి తల చుట్టూ ఊచలు బయటికి ఉబ్బినా అక్కడ చెయ్యి పడినట్టే. మనిషి ఎత్తు నూటికి రెండు మూడు వంతులు మారితే పక్కింటివాళ్లు కూడా గుర్తుపట్టలేరు. తిన్నగా ఉండాల్సిన గీత రవ్వంత వంగితే మాత్రం, ఏం జరిగిందో చెప్పలేకపోయినా, ఏదో తేడాగా ఉందని చిన్నపిల్లాడు కూడా అంటాడు. అందుకే ఈ పనిలో మనుషుల్ని మార్చడం కంటే వాళ్ల వెనకదాన్ని కదలకుండా కాపాడటమే కష్టం.

పాత స్టూడియోల్లో ఈ ఇబ్బందికి కుర్చీయే మందు. భర్త కూర్చుంటాడు, భార్య పక్కన కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడుతుంది. మన తాతల కాలం ఫొటోలు చాలావాటిలో ఎవరు ఎంత ఎత్తో తెలియనే తెలియదు. ఇప్పుడు జంటలు నిలబడే ఫొటోలు దిగుతున్నారు. ఆల్బమ్ తయారుచేసే వాళ్ల దగ్గరికి ‘మావాడి ఎత్తు కాస్త తగ్గించండి’ అని, ‘అమ్మాయి ఒక పక్కకి ఒరిగిపోయింది, నిలబెట్టండి’ అని కోరికలు వస్తున్నాయి.

చాలామంది మొదట వెళ్లేది ఫొటోషాప్‌లోని Liquify దగ్గరికి. 2000లో వచ్చిన ఆ ఉపకరణం బ్రష్ కింద ఉన్న ప్రతి పిక్సెల్‌నూ నెడుతుంది. దానికి మనిషి, గోడ అనే తేడా తెలియదు. తలను కిందికి నెడితే తల వెనక గోడ కూడా కిందికి వస్తుంది. నడుం, చెంప లాంటి చోట్ల రెండు మూడు పిక్సెళ్ల పనికి అది చాలా మంచిది. నిలువెత్తు మనిషిని వంద పిక్సెళ్లు మార్చడానికి మాత్రం పనికిరాదు.

ఫొన్లలో ‘ఎత్తు పెంచే’ ఆప్‌ల పద్ధతి ఇంకొకటి. రెండు అడ్డగీతలు పెట్టి వాటి మధ్యనున్న బొమ్మను నిలువుగా సాగదీస్తాయి. ఆ పట్టీలో ఉన్నవన్నీ సాగుతాయి. నిలువు గీతలు వంగవు కాబట్టి మొదట బాగానే ఉన్నట్టుంటుంది. కానీ ఇద్దరి కాళ్లూ ఒకే పట్టీలో ఉంటాయి గనక ఇద్దరూ సమానంగా పెరుగుతారు, తేడా ఎక్కడిదక్కడే ఉంటుంది. ఒక్కడే నిలబడ్డ ఫొటోకు తప్ప జంటకు అది దారి కాదు.

సరైన దారి ఒక్కటే. మనుషుల్ని వెనకదాని నుంచి విడదీసి, ఎవరి లేయర్‌లో వాళ్లని ఉంచి, పాదాలు నేలకు ఆన్చి, అక్కడి నుంచి కొలతలు మార్చడం. వెనకాల గుడి, గోడ, చెట్టు ఏమున్నా దానిమీద ఒక్క పిక్సెల్ కూడా సాగదు. వినడానికి తేలికైన ఈ మాటలో చిక్కులు ఎక్కడొస్తాయో ఒక ఫొటో పట్టుకుని చూద్దాం.

హనుమకొండ వేయిస్తంభాల గుడి మండపంలో ఒక జంట నిలబడి ఉన్నారనుకోండి. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన గుడి అది. అక్కడి స్తంభాలకు తిరగలి తిప్పి చెక్కినట్టున్న నున్నటి వలయాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. నిలువు గీతలూ అడ్డ గీతలూ ఇంత దగ్గరదగ్గరగా ఉన్న చోట ఏ చిన్న వంపూ దాగదు. మన పనికి ఇంతకంటే కఠినమైన పరీక్ష దొరకదు, అందుకే దీన్ని ఎంచుకున్నాను. అమ్మాయి పట్టుచీరలో, అబ్బాయి కుర్తా పంచెలో ఉన్నారు. ఇద్దరూ ఒట్టి కాళ్లతో రాతి పలకల మీద నిలబడి చెయ్యీ చెయ్యీ పట్టుకున్నారు. ఆమె భుజం అతని భుజానికి కొద్దిగా ముందుంది. ఆమెకు సరిపడేలా అతను పక్కకి ఒరిగాడు. పొడుగ్గా ఉన్నవాళ్లు ఫొటోలో తెలియకుండానే చేసే పని అది. ఫొటో 4000 వెడల్పు, 6000 ఎత్తు పిక్సెళ్లది. అరికాలి నుంచి నడినెత్తి దాకా అతను 3560 పిక్సెళ్లు, ఆమె 3040. అతని అసలు ఎత్తు 178 సెంటీమీటర్లు, ఆమెది 152 అనుకుంటే సెంటీమీటరుకు 20 పిక్సెళ్లు పడతాయి. తేడా 520 పిక్సెళ్లు, అంటే 26 సెంటీమీటర్లు. దాన్ని దాదాపు సగానికి, 14 సెంటీమీటర్లకు తేవాలి. ఇద్దరినీ సమానం చేయాలని ఎవరైనా అడిగితే నేను వద్దనే అంటాను. ఆ తేడా వాళ్లదే, ఫొటోలో చూపును మొదటే లాగేయకుండా ఉంటే చాలు.

ఎత్తు కంటే ముందు ఒరుగుదల చూడాలి. ఒరిగినవాణ్ని నిలబెడితే కొలతలు, భుజాల స్థానాలు మారతాయి గనక ఎత్తు మార్చాక ఒరుగు సరిచేస్తే పని రెండుసార్లు అవుతుంది. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, ఒరిగింది మనిషా, కెమెరానా అన్నది. Ruler Tool తీసుకుని స్తంభం అంచు వెంట పై నుంచి కిందికి గీత లాగితే ఎన్ని డిగ్రీలు వాలిందో పైన కనిపిస్తుంది. ఒక్క స్తంభంతో సరిపెట్టకుండా ఎడమ చివరన ఒకటి, మధ్యలో ఒకటి, కుడి చివరన ఒకటి కొలవాలి. మూడూ ఒకే వైపుకి ఒకే కోణంలో వాలితే ఫొటో తీసినప్పుడు కెమెరా పక్కకి వాలింది. Straighten Layer నొక్కితే మొత్తం బొమ్మ తిరుగుతుంది, మూలల్లో మిగిలిన ఖాళీని కత్తిరించాలి. మన ఫొటోలో స్తంభాలన్నీ ఒక డిగ్రీ వాలాయి, అబ్బాయి నాలుగు డిగ్రీలు. మొత్తాన్ని ఒక డిగ్రీ తిప్పగానే అతని అసలు ఒరుగు మూడేనని తేలింది.

ఇంకో రకం కూడా ఉంది. ఎడమ స్తంభం కుడికి, కుడి స్తంభం ఎడమకి, అంటే పైకి పోయేకొద్దీ దగ్గరగా వాలితే కెమెరాను కింద నుంచి పైకి ఎత్తి తీశారన్నమాట. ఆ ఫొటోలో జంట తలలు కూడా ఒకదానివైపు ఒకటి వాలినట్టే ఉంటాయి. ఫోన్‌ను తల మీదికి ఎత్తి కిందికి వంచి తీస్తే దీనికి తిరగబడుతుంది. స్తంభాలు పైన విడిపోతాయి, మనుషులు బయటికి ఒరిగినట్టుంటారు, కాళ్లు చిన్నవవుతాయి. ఇక్కడ మనుషుల్ని ముట్టుకోకూడదు. Camera Raw లోని Geometry లో Vertical నొక్కితే, లేదా ఫోన్‌లో స్నాప్‌సీడ్ ఆప్‌లోని Perspective తో సరిచేస్తే, గుడీ మనుషులూ కలిసి తిన్నబడతారు. ‘ఒరిగిపోయింది’ అని వచ్చే ఫొటోల్లో చాలావాటి జబ్బు ఇక్కడితోనే నయమవుతుంది.

మిగిలిన మూడు డిగ్రీలు అబ్బాయివే. ఇప్పుడు అతన్నీ ఆమెనీ విడదీయాలి. అసలు లేయర్‌ను అలాగే ఉంచి, దాని నకలు మీద పని మొదలుపెట్టాలి. Select Subject నొక్కితే ఇద్దరూ కలిసి ఎంపికవుతారు. ఇద్దరి మధ్య సరిహద్దును మాత్రం మనమే చేత్తో గీసుకోవాలి. చీర కొంగు ఎక్కడ ఆగింది, కుర్తా ఎక్కడ మొదలైంది అన్నది యంత్రానికి వదిలేస్తే తప్పులొస్తాయి. జుట్టు, తలలో పూలు ఉన్నచోట Select and Mask లోని Refine Edge బ్రష్ తిప్పాలి. ఆ తర్వాత Ctrl+J తో అతను ఒక లేయర్‌లోకి, ఆమె ఇంకో లేయర్‌లోకి వస్తారు. భుజం ముందున్నది ఆమెది గనక ఆమె లేయర్ పైన ఉంటుంది. చేతికీ నడుముకీ మధ్య సందులో కనిపించే గుడి ముక్కను తీసేయడం చాలామంది మరిచిపోతారు. అది లేయర్‌లో ఉండిపోతే మనిషితో పాటు జరిగి, ఆ సందులో స్తంభం వలయం మెట్టులా విరుగుతుంది.

వెనకదానికి వస్తే, ఇక్కడ ఒక సంగతి పట్టుకుంటే సగం పని తప్పుతుంది. మనిషిని పెంచితే అతను వెనకదాన్ని ఇంకొంచెం కప్పుతాడు, కొత్తగా ఏమీ బయటపడదు. మనిషిని తగ్గిస్తే, జరిపితే, కెమెరా ఎన్నడూ చూడని గుడి ముక్క బయటపడుతుంది, దాన్ని మనం కల్పించాలి. అందువల్ల వెనకాల చిక్కుగా ఉన్న ఫొటోలో పొట్టివాళ్లను కొంచెం ఎక్కువ పెంచి, పొడుగువాళ్లను తక్కువ తగ్గించాలి. మన ఫొటోలో అతన్ని నూటికి మూడు వంతులు తగ్గిస్తే తల పైన 107 పిక్సెళ్ల ఖాళీ వస్తుంది. మొత్తం మనిషిని చెరిపేసి ఖాళీ గుడిని తయారుచేయక్కర్లేదు. ఆ అంచు వెంట రెండు వందల పిక్సెళ్ల వెడల్పు పట్టీ పూడిస్తే చాలు, మిగతాదంతా అతని వెనకే ఉండిపోతుంది.

పూడ్చడానికి Content-Aware Fill ఉంది. 2010లో ఫొటోషాప్ CS5తో వచ్చింది. ఫొటోలోని మిగతా చోట్ల నుంచి పోలికగల ముక్కలు తెచ్చి అతుకుతుంది. అతని కుడిపక్క స్తంభాల మధ్య చీకటి ఉంది, అక్కడ అది హాయిగా పనిచేస్తుంది. తల పైన మాత్రం వలయాల స్తంభం ఉంది. అక్కడ దాన్ని నమ్మితే వలయాల లెక్క తప్పుతుంది, ఒకటి సగంలో మాయమవుతుంది. చేత్తో చేయడమే మేలు. గుండ్రటి స్తంభానికి ఎడమ సగం, కుడి సగం ఒకే ఆకారం. తలకు అడ్డురాని సగాన్ని కాపీ చేసి, Flip Horizontal తో తిప్పి, వలయాల గీతలు సరిగ్గా కలిసేలా పక్కన కూర్చోబెట్టవచ్చు. వెలుతురు ఒక పక్క నుంచి వస్తుంది గనక తిప్పిన సగం తప్పు వైపు మెరుస్తుంది. Curves తో దాన్ని మసక చేసి, అవతలి స్తంభం నీడ వైపు ఎంత నల్లగా ఉందో చూసి అంతకు తేవాలి.

ఇప్పుడు అతన్ని నిలబెట్టాలి. దీనికి తిప్పడం ఒక పద్ధతి, ఏటవాలుగా జరపడం మరో పద్ధతి. తిప్పితే మనిషి మొత్తం తిరుగుతాడు. కళ్లూ భుజాలూ కూడా మారతాయి, పాదాల్లో ఒకటి నేల మీంచి లేస్తుంది. Skew అనే ఏటవాలు పద్ధతిలో పాదాల గీత కదలదు, పైకి పోయేకొద్దీ కొంచెం కొంచెంగా పక్కకి జరుగుతుంది, అడ్డంగా ఉన్నవి అడ్డంగానే ఉంటాయి. ఏది వాడాలో భుజాలే చెబుతాయి. భుజాలు సమంగా ఉండి ఒళ్లు మాత్రమే వాలితే ఏటవాలుగా జరపాలి. భుజాలు కూడా అదే కోణంలో వాలితే తిప్పాలి, పాదాల దగ్గర మాస్క్‌తో పాత పాదాలనే తిరిగి తెచ్చుకోవాలి. మన అబ్బాయి భుజాలు సమంగానే ఉన్నాయి. అతని లేయర్‌ను Smart Object గా మార్చి Ctrl+T నొక్కి, ఆధార బిందువును కింది అంచు మధ్యకు తెచ్చి, పైన H అని ఉన్న కోణం గడిలో 1.5 వేశాను. మూడు డిగ్రీలూ తీసేయలేదు. పక్కన మనిషి ఉన్నప్పుడు కొంచెం అటు వాలడం సహజం. అది కూడా తీసేస్తే ఇద్దరూ పక్కపక్కన నాటిన గుంజల్లా ఉంటారు. ఒకటిన్నర డిగ్రీకే నడినెత్తి దగ్గర సుమారు 93 పిక్సెళ్లు, అంటే నాలుగున్నర సెంటీమీటర్లు జరిగింది. కంటికి అది చాలు.

ఎత్తు కూడా అదే దెబ్బలో, అదే Free Transform లో మార్చాలి. W, H రెండు గడుల్లోనూ 97 శాతం. ఇలా ఒక్కసారిలో ముగిస్తే పిక్సెళ్లు ఒక్కసారే తిరిగి లెక్కకొస్తాయి. నాలుగుసార్లు మార్చి నాలుగుసార్లు ఒప్పుకుంటే ముఖం మెత్తబడిపోతుంది. అతను 3560 నుంచి 3453కి వచ్చాడు. ఆమెను కూడా పాదాల దగ్గరే ఆన్చి 103 శాతం చేస్తే 3040 కాస్తా 3131 అవుతుంది. తేడా 322కి దిగింది. ఇంకా 45 పిక్సెళ్లు కావాలి.

ఆమెను నేరుగా 105 శాతం చేయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ అక్కడ తల అడ్డొస్తుంది. ఎత్తులో ఎంత తేడా ఉన్నా పెద్దవాళ్ల తలల పరిమాణంలో పెద్ద తేడా ఉండదు. పొట్టి మనిషిని మొత్తంగా పెంచుతూ పోతే ఆమె తల అతని తలను మించిపోతుంది. అప్పుడు ఆమె పొడుగ్గా కాక, కెమెరాకు దగ్గరగా నిలబడ్డట్టు కనిపిస్తుంది. నా మటుకు మొత్తం మనిషిని మూడు నాలుగు శాతం దాటి పెంచను, తగ్గించను. ఆపై కావాల్సింది కాళ్లలోనే రావాలి, ఎందుకంటే నిజంగా పొడుగైనవాళ్ల పొడుగులో ఎక్కువ వాటా కాళ్లదే. ఇక్కడ చీర మనకు సాయం చేస్తుంది. మోకాలి దగ్గర నుంచి కింది అంచుకు కొంచెం పైదాకా కుచ్చిళ్లున్న భాగం సుమారు 700 పిక్సెళ్లు. దాని పైనున్నదంతా ఎంపికచేసి 45 పిక్సెళ్లు పైకి జరిపి, ఆ 700ను 745కి సాగదీస్తే సరిపోతుంది. కుచ్చిళ్లు నిలువు మడతలు కాబట్టి నిలువుగా సాగినా ఏమీ తెలియదు. అంచును మాత్రం ముట్టుకోకూడదు. జరీ అంచు వెడల్పు పెరిగితే చీరలు తెలిసిన ఆడవాళ్లు ముందుగా అదే చూస్తారు. ఇప్పుడు ఆమె 3176, అతను 3453. తేడా 277 పిక్సెళ్లు, దాదాపు 14 సెంటీమీటర్లు.

లెక్క కుదిరింది గానీ చేతులు విడిపోయాయి. నేల నుంచి 1400 పిక్సెళ్ల ఎత్తున ఉన్న ఆ పట్టు దగ్గర అతని చెయ్యి 42 పిక్సెళ్లు దిగింది, ఆమె చెయ్యి 42 ఎక్కి, కుచ్చిళ్లు సాగినందువల్ల ఇంకో 45 ఎక్కింది. మొత్తం 129 పిక్సెళ్ల ఎడం, ఆరున్నర సెంటీమీటర్లు. రెండు చేతుల్నీ చెరో సగం సర్దుదామని చూస్తే వేళ్లు ఎన్నటికీ కలవవు. పట్టుకున్న చేతులు రెండూ ఒకే లేయర్‌లో, ఆమె లేయర్‌లో ఉండాలి. అతని చేతిని కుర్తా చేతి మడత దగ్గర కత్తిరించాలి, ఎందుకంటే అక్కడ బట్టకూ చర్మానికీ సహజంగానే ఒక అంచు ఉంది. తర్వాత అతని ముంజేతిని Puppet Warp తో పైకి తేవాలి. భుజం మీద ఒక పిన్ను, మోచేతి మీద ఒకటి, మణికట్టు దగ్గర ఒకటి గుచ్చి, మూడోదాన్ని మాత్రం లాగితే మోచెయ్యి రవ్వంత వంగి కుర్తా చెయ్యి ఆ పట్టును అందుకుంటుంది. అతని లేయర్ విడిగా ఉంది గనక ఎంత లాగినా వెనక స్తంభం కదలదు. Liquify తో ఇదే పని చేసి ఉంటే ఆ స్తంభం పాములా మెలికలు తిరిగేది.

భుజాల దగ్గర కూడా ఒక సందు వస్తుంది. అతన్ని నిలబెట్టినందుకు ఆమె భుజం ఎత్తున సుమారు 65 పిక్సెళ్లు, సన్నబడినందుకు ఇంకో పదిహేను, మొత్తం ఎనభై పిక్సెళ్లు అతని భుజం ఆమె నుంచి దూరమైంది. ఆమె వెనక దాగిన భుజం భాగాన్ని కెమెరా చూడలేదు గనక ఆ సందులో చూపడానికి మన దగ్గర ఏమీ లేదు. ఆమె కొంచెం వెడల్పైనందుకు పది పన్నెండు పిక్సెళ్లు వాటంతట అవే పూడతాయి. మిగతాదానికి అతని లేయర్‌ను మొత్తంగా 70 పిక్సెళ్లు ఆమెవైపు జరపాలి. అంటే పాదాలు కూడా జరుగుతాయి, పాదాల కింద నల్లటి సన్న నీడ పాతచోటే మిగిలిపోతుంది. మనిషి గాల్లో తేలుతున్నట్టు కనిపించే ఫొటోలన్నిటి వెనకా ఇదే ఉంటుంది. ఆ నీడను ముందే వేరే లేయర్‌లోకి తీసి Multiply లో పెట్టి పాదాలతో పాటు జరపాలి, పాత నీడను పక్క రాతిపలకతో Clone Stamp వాడి చెరపాలి. మన ఇళ్లలో, ఫంక్షన్ హాళ్లలో పాలిష్ చేసిన గ్రానైట్ నేల ఉంటే పని ఇంకా పెరుగుతుంది. నేలలో ప్రతిబింబం ఉంటుంది, పైనున్న మనిషి ఎంత తగ్గితే కిందున్న మనిషీ అంతే తగ్గాలి. వెనక గోడ మీద తల నీడ గట్టిగా పడిన ఫ్లాష్ ఫొటోలను నేనైతే ఒప్పుకోను. నీడను జరపడం తలను జరపడం కంటే కష్టం.

అన్నీ అయ్యాక పరీక్ష చేయాలి. స్తంభాల అంచుల వెంట గైడ్ గీతలు పెట్టి, పాత లేయర్‌ను కన్ను గుర్తుతో వెలిగిస్తూ ఆర్పుతూ చూడాలి. మనుషులు తప్ప ఇంకేదైనా కదిలితే ఎక్కడో గుడి ముక్క లేయర్‌లోకి వచ్చేసిందని అర్థం. ఫొటోను అడ్డంగా తిప్పి చూస్తే అలవాటుపడిన కంటికి దొరకని వాలు దొరుకుతుంది. తర్వాత బొటనవేలంత చిన్నది చేసి చూడాలి. అంత చిన్నగా చూసినప్పుడు తలల పరిమాణంలో తేడా ఉంటే వెంటనే తెలుస్తుంది. చివరగా వంద శాతానికి పెద్దదిచేసి జుట్టు అంచుల చుట్టూ పాత వెనకరంగు తెల్లగా అంటుకుందేమో, పూడ్చిన చోట ఒకే రాతి మచ్చ రెండుచోట్ల వచ్చిందేమో చూడాలి. రెండోది ఎక్కువగా బంతిపూల దండల అలంకరణ ముందు తీసిన ఫొటోల్లో బయటపడుతుంది. ఒకే పువ్వు పక్కపక్కన రెండుసార్లు పూస్తుంది.

కుదరని ఫొటోలూ ఉన్నాయి. అతని చెయ్యి ఆమె భుజం మీదుగా వేసి ఉంటే, వేళ్లు ఆమె చీర మీద, ముంజెయ్యి ఆమె మెడ వెనక ఉంటాయి. ఇద్దరిలో ఎవరిని కదిపినా మూడుచోట్ల అతుకులు వేయాలి. ఆమె తల అతని ఛాతీకి ఆనితే ఎత్తు మార్చగానే చెంప ఆనినచోట ఖాళీ వస్తుంది. అక్కడ రెండు శాతానికి మించి ఆశించకూడదు. అలాంటి భంగిమల్లో ఫొటో తీసేటప్పుడే కొంత సర్దుకోవడం తేలిక. చీర పాదాల దాకా ఉంటుంది గనక కింద పీట వేస్తే ఎవరికీ కనిపించదు. పొడుగబ్బాయి కాళ్లు కాస్త ఎడంగా పెట్టినా మూడు నాలుగు సెంటీమీటర్లు దిగుతాడు. ఆమెను ఒక అడుగు ముందుకు నిలబెట్టే ఉపాయం అందరికీ తెలిసిందే గానీ, అది కెమెరా ఎత్తు మీద ఆధారపడుతుందని చాలామంది గమనించరు. కెమెరా మూడు మీటర్ల దూరంలో, ఛాతీ ఎత్తున 120 సెంటీమీటర్ల దగ్గర ఉంటే, ఆమె 30 సెంటీమీటర్లు ముందుకు వచ్చినా తల లేచేది మూడున్నర సెంటీమీటర్లే, పాదాలు మాత్రం 13 సెంటీమీటర్లు కిందికి జారతాయి. కెమెరాను 60 సెంటీమీటర్లకు దించితే అదే అడుగుకు తల పది సెంటీమీటర్లు లేస్తుంది, పాదాలు ఆరేడు జారతాయి. ఫొటోగ్రాఫర్ మోకాలి మీద కూర్చుని తీయడం వెనకున్న లెక్క ఇదే. అయితే కింద నుంచి తీసేటప్పుడు కెమెరాను పైకి వంచితే స్తంభాలు వాలతాయి. నిటారుగా పట్టుకుని, ఫ్రేములో కింద మిగిలిన నేలను తర్వాత కత్తిరించుకోవాలి.

ఈ మార్పు ఇద్దరినీ అడిగాకే చేయాలి. ఎత్తు తగ్గించమన్నది అబ్బాయి తల్లి కావచ్చు, అమ్మాయికి ఆ ఆలోచనే ఉండకపోవచ్చు. సంబంధాలు చూసేటప్పుడు పంపే ఫొటోలో, పెళ్లి రిజిస్ట్రేషన్‌కో వీసాకో జతచేసే ఫొటోలో ఎత్తులు మార్చకూడదు, అక్కడ అసలు ఫైలే ఇవ్వాలి. ఆల్బమ్‌కైతే ఏ ఫొటోలు మారుస్తున్నారో మొదలుపెట్టకముందే లెక్క వేసుకోవాలి. ముఖచిత్రంలో 14 సెంటీమీటర్ల తేడా ఉండి, రెండో పేజీలో 26 కనిపిస్తే మొదటిది అబద్ధమని తేలిపోతుంది. నిలువెత్తు ఫొటోలన్నిటికీ అతనికి 97, ఆమెకు 103 అనే అవే అంకెలు రాసిపెట్టుకుని వాడాలి. తలంబ్రాల్లాగా కూర్చున్న ఫొటోల్లో, నలుగురి మధ్య నడుస్తున్న ఫొటోల్లో తేడా ఎలాగూ తెలియదు, వాటి జోలికి పోనక్కర్లేదు.